చవితి చందా లెక్కలు, 3వ పాఠం: రసీదుల మొత్తానికి, ఉన్న డబ్బుకి తేడా ఎక్కడ వస్తుంది

ఈసారి ఖర్చుల వోచర్లు చెప్దామనుకున్నా, కానీ పోయిన పాఠం చూసి రసీదు బుక్ మొదలుపెట్టినవాళ్ళు చాలామంది కౌంటర్‌ఫాయిల్స్ కూడితే ఒకటొస్తోంది, బ్యాంకు, క్యాష్ కలిపితే ఇంకోటొస్తోంది అంటున్నారు, అందుకని ముందు ఇది తేల్చుకుందాం.

ఒక అపార్ట్‌మెంట్ లెక్కే తీసుకోండి. కౌంటర్‌ఫాయిల్స్ మొత్తం 86,000, ఉన్న డబ్బు 79,400, తేడా 6,600. ఇలాంటప్పుడు 6,600 ఇతర ఖర్చులు అని రాసి కలిపేయొద్దు. ఒక్కో కౌంటర్‌ఫాయిల్ తీసి, యూపీఐ అయితే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో యూటీఆర్ నంబర్‌తో, క్యాష్ అయితే క్యాష్ పుస్తకంతో చూసి టిక్ పెట్టండి. యూటీఆర్ చివరి నాలుగంకెలు నేను రసీదు మీదే రాసేస్తా, పేర్లని నమ్ముకుంటే కష్టం, ఫ్లాట్ భర్త పేరున ఉంటుంది డబ్బు కొడుకు ఫోన్ నుంచి వస్తుంది.

టిక్ పడనివి మూడు తేలాయి. ఒకాయన 2,116 ఇస్తానంటే డబ్బు రాకముందే రసీదు రాసిచ్చారు. ఇంకొకరి 516 యూపీఐలో వచ్చింది, రసీదే రాయలేదు. మూడోది 5,000, అసలు చిక్కు ఇదే.

బి బ్లాకులో క్యాష్ 18,500 వసూలైంది, అక్కడే టెంట్ ఆయన కనిపిస్తే 5,000 అడ్వాన్స్ చేతిలో పెట్టేసి మిగతా 13,500 ట్రెజరర్‌కి ఇచ్చారు, ఆయన పుస్తకంలో వసూలు 13,500 అనే రాసుకున్నాడు. డబ్బు ఎవరూ తినలేదు, కానీ వసూలూ తగ్గింది, ఖర్చూ మాయమైంది. రేపు టెంట్ ఆయనకి బాకీ 15,000 ఇస్తే పుస్తకంలో టెంట్ ఖర్చు 15,000 అనే ఉంటుంది, వచ్చే ఏడు కమిటీ అదే చూసి బడ్జెట్ వేస్తుంది, అసలు బిల్లేమో 20,000. విగ్రహం అడ్వాన్సూ ఇంతే, పూలూ ఇంతే, ఆటో కిరాయి 300 అయినా ఇంతే. నోట్లు ట్రెజరర్ దాకా వెళ్ళకపోయినా సరే, పుస్తకంలో మాత్రం వసూలు 18,500, ఖర్చు 5,000 అని రెండు లైన్లు పడాలి, రెండోదాని పక్కన టెంట్ ఆయన సంతకం ఉండాలి.

ఇప్పుడు కూడండి: 86,000లో 5,000, 2,116 తీసేసి 516 కలిపితే సరిగ్గా 79,400. 516కి ఈరోజు తేదీతో రసీదు రాయండి, పాత తేదీ వేయొద్దు. 2,116 రసీదు వెనక్కి తీసుకుని రెండు కాపీల మీదా క్యాన్సిల్ అని రాసి బుక్కులోనే పిన్ చేయండి, చించేస్తే ఆ నంబర్ ఏమైందని అడుగుతారు, అడగాలి కూడా.

గ్రూపులో రోజూ రాత్రి మొత్తం ఒక్కటే పెడితే ఎవరికీ ఏమీ తెలీదు. రసీదు నంబర్ వారీగా పెట్టండి, క్యాన్సిల్ అయినవి కూడా, అప్పుడు ఎవరి రసీదు వాళ్ళు వెతుక్కుంటారు. పేరు వద్దన్నవాళ్ళకి నంబర్, మొత్తం చాలు.

అభ్యాసం: పోయినేడు రసీదు బుక్కులన్నీ తీసి మొదటి నంబర్ నుంచి చివరిదాకా ఇలాగే టిక్ పెట్టండి, టిక్ పడని ప్రతిదానికీ పక్కన కారణం రాయండి. రెండు సాయంత్రాలు పడుతుంది, డబ్బు వసూలు చేసినవాళ్ళని కూడా పక్కన కూర్చోపెట్టుకోండి.