గ్రూపు చర్చలోని పనులు హిందీ సహచరుడికి సరిగ్గా చేరాయి: నా అనుభవం

తెలుగులో సాగిన 140 సందేశాల చర్చను కుదించి హిందీ సహచరుడికి పంపితే, ఆయన రద్దయిన పని కూడా చేసేశారు. మొత్తం అనువదించడం, ముఖ్య సందేశాలే ఏరి పంపడం, రెండూ ఫలించలేదు.

చివరికి, సారాంశాన్ని తెలుగులోనే, చివరి సందేశం నుంచి పైకి చదువుతూ రాశాను. మారిన నిర్ణయాలు ముందే కనబడ్డాయి. తరువాత ప్రతి పనికీ ఎవరు, ఏమి, ఎప్పటికి అన్నవి పూరించాను. "రేపు పంపిస్తాను" అన్న మాట చర్చ నుంచి బయటికి రాగానే పంపేది ఎవరో, ఏమిటో తెలియదు. అది "లెక్కలు చూసేవారు 14వ తేదీ సాయంత్రానికి జాబితా పంపాలి" అని మారాకే, ఆ వాక్యాన్ని మాత్రమే హిందీలోకి మార్చాను. తేదీ తప్పనిసరి, హిందీ "కల్"కు నిన్న, రేపు రెండు అర్థాలూ ఉన్నాయి. "చూద్దాం" అన్నవాటిని అడిగి తేల్చుకున్నాకే చేర్చాను.

నాలుగు చర్చలకు ఇది కుదిరింది. నిర్ణయమే తేలని వాదనలకు పనికొస్తుందని చెప్పలేను.