రెండు గీతలు ఉండగానే బండి ఆగిపోతోందా? తప్పు ప్యాక్‌ది కాదు, ఒక్క గ్రూపుది కావచ్చు

సమస్య

మా వీధి చివర టిఫిన్ సెంటర్ నడిపే ఆయన నాలుగేళ్ల ఎలక్ట్రిక్ స్కూటర్ తెచ్చారు. "రాత్రంతా చార్జింగ్ పెడుతున్నానండీ. కొత్తలో 55 కిలోమీటర్లు వచ్చేది. ఇప్పుడు 40 దగ్గర, మీటరులో రెండు గీతలు ఉండగానే, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే టక్కున ఆగిపోతోంది. ఐదు నిమిషాలు ఆగితే మళ్లీ కదులుతుంది" అన్నారు. ఈ నాలుగు మాటల్లోనే సగం రోగం తెలిసిపోయింది. బ్యాటరీ ప్యాక్ మొత్తం ముసలిదైతే రేంజ్ తగ్గుతుంది గానీ, చార్జి చూపిస్తూ ఆగిపోదు.

ఆ ప్యాక్ 48 వోల్టులది, 25 ఏహెచ్. ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత. లోపల 18650 అనే చిన్న లిథియం సెల్స్ పది చొప్పున సమాంతరంగా కలిపి ఒక గ్రూపు, అలాంటి 13 గ్రూపులు వరుసగా. వరుసలో ఉన్నవాటన్నిటిలో ఒకటే కరెంటు పోతుంది. పదమూడు మంది తిరుమల మెట్లు ఎక్కుతున్నారనుకోండి. ఎవరి నీళ్ల సీసా వారిదే, పది మెట్లకోసారి అందరూ ఒక్కో గుక్క తాగాలి, ఒకరిది మరొకరికి ఇవ్వకూడదు. చిన్న సీసా ఉన్నవాడి నీళ్లు అయిపోగానే అందరూ ఆగాల్సిందే. మిగతా వాళ్ల సీసాల్లో నీళ్లున్నా పనికిరావు.

ఆపేది బీఎంఎస్, అంటే ప్యాక్‌ను కాపలా కాసే సర్క్యూట్ బోర్డు. ఏ ఒక్క గ్రూపు 2.8 వోల్టులకు పడినా అది ప్యాక్‌ను కట్ చేసేలా ఇందులో పెట్టారు. మీటరు మాత్రం మొత్తం వోల్టేజీ చూసే గీతలు వేస్తుంది. ఆగిన క్షణంలో పన్నెండు గ్రూపులు 3.55 దగ్గర, ఒకటి 2.8 దగ్గర ఉంటే మొత్తం 45.4 వోల్టులు. నిజంగా ఖాళీ అయిన ప్యాక్ 39 దగ్గర ఉంటుంది. అందుకే మీటరుకు ఇంకా చార్జి ఉన్నట్టే కనిపిస్తుంది. బండి ఆగాక లోడు పోయి ఆ గ్రూపు వోల్టేజీ కొంచెం లేస్తుంది, కాబట్టి ఐదు నిమిషాల తర్వాత మళ్లీ కదులుతుంది.

ఏ రకం తేడానో ఎలా తెలుస్తుంది

బీఎంఎస్‌కు వెళ్లే సన్న తీగల కనెక్టర్‌లో 14 పిన్నులుంటాయి. పక్కపక్కన ఉన్న రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే ఒక గ్రూపు వోల్టేజీ తెలుస్తుంది. ప్రోబ్ జారి రెండు పిన్నులు కలిస్తే తీగ కాలుతుంది, తొందర పడకండి. బ్లూటూత్ ఉన్న బీఎంఎస్ అయితే యాప్‌లోనే కనిపిస్తాయి. రెండుసార్లు రాసుకోవాలి: ఫుల్ చార్జి అయ్యాక ఒకసారి, బండి ఆగిన వెంటనే ఒకసారి. ఒక్కసారి కొలిచి తీర్పు చెప్పే మెకానిక్‌ను నేను నమ్మను.

ఒక గ్రూపు ఫుల్‌లోనూ తక్కువగా (మిగతావి 4.18, అది 4.02), ఆగినప్పుడూ తక్కువగా ఉంటే అది బలహీనమైనది కాకపోవచ్చు. సీసా పెద్దదే, నిండలేదంతే.

ఫుల్‌లో మిగతావాటితో సమానంగానో, కొంచెం ఎక్కువగానో ఉండి, చివర్లో ముందుగా పడిపోతే కెపాసిటీయే తగ్గింది. సీసా చిన్నదైంది.

ఊరికే ఉన్నప్పుడు బాగుండి, యాక్సిలరేటర్ తిప్పగానే కూలబడితే అంతర్గత నిరోధం పెరిగింది, లేదా లోపల వెల్డింగ్ ఊడింది. 20 ఆంపియర్లు లాగినప్పుడు మంచి గ్రూపు 0.1 వోల్టు పడుతుంటే, ఇది 0.6 పడిందనుకోండి. మంచిదాంట్లో 2 వాట్ల వేడి, దీంట్లో 12 వాట్లు. ప్యాక్ మీద చెయ్యి పెడితే ఒకచోట వేడిగా తగులుతుంది.

ఆయన ప్యాక్‌లో 7వ గ్రూపు ఫుల్‌లో 4.20, మిగతావి 4.17 నుంచి 4.19. ఆగినప్పుడు అది 2.80. అంటే రెండో రకం. విడిగా డిశ్చార్జి చేసి కొలిస్తే 7వది 18 ఏహెచ్ ఇచ్చింది, 3వది 21, మిగతావి 22 చొప్పున. 25లో 18 అంటే 55 కిలోమీటర్లలో సుమారు 40. ఆయన చెప్పిన లెక్క సరిపోయింది.

కారణం: చిన్న తేడా ఎందుకు పెరుగుతుంది

కొత్తలో ఏ రెండు సెల్స్ అచ్చంగా ఒకటి కావు, అది పెద్ద సమస్య కాదు. తేడా తనంతట తానే పెరగడం సమస్య. ఈ ప్యాక్‌లో 7వ గ్రూపు సరిగ్గా మధ్యలో ఉంది, వేడి బయటికి పోవడానికి దారి లేదు. వేడికి అది మిగతావాటికంటే ముందు అరిగింది. కెపాసిటీ తగ్గిన దగ్గర్నుంచి ప్రతి ట్రిప్పులోనూ అది పూర్తిగా ఖాళీ అవుతోంది, 22 ఏహెచ్ ఉన్నవి మాత్రం నాలుగు ఏహెచ్ మిగుల్చుకుంటున్నాయి. అట్టడుగుదాకా దిగిన సెల్ ఎక్కువ అరుగుతుంది, నిరోధం పెరిగి ఇంకా వేడెక్కుతుంది. ఈ నెల 18 ఉన్నది తర్వాత 17 అవుతుంది. బలహీనుడి మీదే ఎక్కువ బరువు.

మొదటి రకం తేడా ఇంకో దారిలో వస్తుంది. ఒక గ్రూపు మిగతావాటికంటే ఒక్క మిల్లీఆంపియర్ ఎక్కువ లీకైనా నెలకు 0.7 ఏహెచ్ పోతుంది. బీఎంఎస్ దాన్ని సరిచేస్తుంది గానీ, చాలా బీఎంఎస్‌లు ఫుల్ చార్జికి దగ్గరైనప్పుడే ఆ పని మొదలుపెడతాయి. బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుందని ఎప్పుడూ 80 శాతం దగ్గరే ఆపేసేవాళ్ల ప్యాక్‌లో ఆ అవకాశమే రాదు. పాపం, జాగ్రత్తపరులే ఇలా దొరికిపోతారు.

పరిష్కారం

మొదటి రకమైతే బ్యాలెన్సింగ్ చాలు, అంటే గ్రూపుల చార్జిని సమానం చేయడం. కానీ ఓపిక కావాలి. బీఎంఎస్ 50 మిల్లీఆంపియర్లతో బ్యాలెన్స్ చేస్తుంటే 2.5 ఏహెచ్ తేడా సరికావడానికి 50 గంటలు పడుతుంది. ఒక రాత్రి చార్జింగ్‌లో పెట్టి "ఏం మారలేదు" అంటే ఎలా? ఎవరైనా చూసేచోట నాలుగైదు పగళ్లు చార్జర్ ఉంచి, రోజూ కొలవండి. తెలిసినవాళ్లయితే ఆ ఒక్క గ్రూపునే బెంచ్ సప్లైతో 4.15 వోల్టులు, 1 ఆంపియర్ పెట్టి నింపవచ్చు. నెలలోపు మళ్లీ అదే గ్రూపు పడిపోతే అందులో లీకయ్యే సెల్ ఉంది, బ్యాలెన్సింగ్‌తో పోదు.

మూడో రకంలో ముందు సెల్స్‌ను కలిపే నికెల్ స్ట్రిప్ చూడండి. పదిలో మూడు సెల్స్ వెల్డ్ ఊడితే ఆ గ్రూపు 17.5 ఏహెచ్‌కు పడిపోతుంది, మిగిలిన ఏడు అదనపు బరువు మోస్తాయి. మళ్లీ వెల్డ్ చేసే ముందు ఊడిన సెల్స్ వోల్టేజీని గ్రూపుతో సమానం చేయాలి. లేదంటే కలపగానే ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి పెద్ద కరెంటు దూకుతుంది.

రెండో రకానికి బ్యాలెన్సర్ ఎంత ఖరీదైనది పెట్టినా పోయిన కెపాసిటీ రాదు. గ్రూపు మొత్తం మార్చాలి. పదిలో నాలుగు కొత్తవి వేసి సరిపెట్టవద్దు. కొత్త గ్రూపునూ పాతవాటినీ ఒకే వోల్టేజీకి తెచ్చాకే వెల్డ్ చేయాలి. 48 వోల్టుల ప్యాక్‌లో స్పానర్ జారితే నిప్పులే, అనుభవం లేకపోతే ఇంట్లో విప్పకండి. 2 వోల్టుల కంటే కింద చాలా రోజులు పడి ఉన్న సెల్స్‌ను మళ్లీ చార్జి చేసే ప్రయత్నమే వద్దు, లోపల షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

ఆయనది 7వ గ్రూపు మార్చాను. కొత్తది 25 ఏహెచ్ అయినా ప్యాక్ 21 దగ్గరే ఆగింది, ఎందుకంటే ఇప్పుడు చిన్న సీసా 3వ గ్రూపుది. "46 కిలోమీటర్లు వస్తాయండీ, 55 రావు" అని ముందే చెప్పాను. 3వదీ మారిస్తే 22 అవుతుంది, ఒక్క ఏహెచ్ కోసం ఆ ఖర్చు దండగ. మూడు నాలుగు గ్రూపులు ఇలా పడిపోయి ఉంటే మాత్రం అసలు విప్పేవాణ్ణే కాదు, ప్యాక్ మార్చమనేవాణ్ణి.