గుడిలో హుండీకి, క్యూఆర్ కోడ్‌కు బోర్డు ఎలా రాయాలి?

హుండీ ముందు నిలబడిన భక్తుడికి కానుక ఎందుకు వేయాలో ఎవరూ చెప్పనక్కరలేదు. అతనికి తెలియనివి మూడే: ఈ డబ్బు ఎవరికి చేరుతుంది, దేనికి ఖర్చవుతుంది, ఇచ్చినట్టు ఆధారం ఎక్కడ దొరుకుతుంది. బోర్డు ఈ మూడింటికీ జవాబిస్తే చాలు. ఈ వ్యాసంలో ఉదాహరణగా ఒక ఊరి సీతారామస్వామి ఆలయాన్ని ఊహించుకుందాం. అక్కడ ఒక హుండీ, ఒక అన్నదానం పెట్టె, కొత్తగా పెట్టదలచిన ఒక క్యూఆర్ కోడ్ ఉన్నాయి.

మొదటి పని: రాసే ముందే తేల్చుకోవలసినవి

బోర్డులో అస్పష్టత చాలాసార్లు భాష వల్ల కాక, నిర్ణయం జరగకపోవడం వల్ల వస్తుంది. అన్నదానం పెట్టెలోని డబ్బును నిజంగానే విడిగా లెక్కించి అన్నదానానికే వాడుతున్నారా, లేక చివరికి అంతా ఒకే ఖాతాలో జమ చేస్తున్నారా? రెండోదే నిజమైతే పెట్టె మీద ‘అన్నదానం’ అని రాయడం తగదు. అలాగే హారతి పళ్ళెంలో పడేది అర్చకుల దక్షిణా, దేవస్థానం ఆదాయమా అన్నది కూడా పాలకమండలి ముందుగా నిర్ణయించుకోవాలి. దేవాదాయ శాఖ పరిధిలోని ఆలయమైతే హుండీని ఎవరి సమక్షంలో తెరవాలో, లెక్క ఎలా రాయాలో శాఖ నిబంధనలను బట్టి ఉంటుంది కనుక, బోర్డు మాటలను కార్యనిర్వహణాధికారికి చూపించి ఖాయం చేసుకోవాలి.

క్యూఆర్ కోడ్ విషయంలో అన్నిటికంటే ముఖ్యం ఖాతా ఎవరి పేరున ఉందన్నది. చిన్న గుళ్ళలో కార్యదర్శి సొంత ఖాతాకు కోడ్ తీసి అతికించడం కనిపిస్తూ ఉంటుంది. ఆయన ఎంత నిజాయితీపరుడైనా, స్కాన్ చేసిన భక్తుడి ఫోన్‌లో దేవుడి పేరుకు బదులు ఒక వ్యక్తి పేరు వస్తుంది. ఆ అనుమానాన్ని ఏ బోర్డూ తీర్చలేదు. కాబట్టి తీర్మానం చేసి దేవస్థానం పేరున ఖాతా తెరిచిన తరువాతే కోడ్ తీసుకోవాలి.

రెండో పని: హుండీ మాటలు

మన గుళ్ళలో సాధారణంగా కనిపించే వాక్యం ‘కానుకలు హుండీలోనే వేయవలెను, అర్చకులకు ఇవ్వరాదు’. ఇందులో భక్తుడిని గదమాయించడమూ ఉంది, అర్చకుడిని అవమానించడమూ ఉంది. అదే సమాచారాన్ని నిషేధం లేకుండా చెప్పవచ్చు:

శ్రీ సీతారామస్వామి వారి హుండీ
కానుకలు, ముడుపులు ఇందులో సమర్పించండి.
ఇవి దేవస్థానం ఖాతాలో జమ అవుతాయి.
హారతి పళ్ళెంలో ఉంచినది అర్చకుల దక్షిణ.
హుండీ లెక్కింపు వివరాలు కార్యాలయం నోటీసు బోర్డులో చూడవచ్చు.

‘ఇచ్చిన ప్రతి రూపాయికి పదింతల ఫలం’ వంటి హామీలు, ‘కనీసం రూ.116’ వంటి హద్దులు హుండీ మీద ఉండకూడదు. ఆర్జిత సేవకు రుసుము ఉంటుంది, దాని చోటు టికెట్ కౌంటరు దగ్గరి పట్టిక. హుండీలో పది రూపాయలు వేసేవారు పక్కవాళ్ళ ముందు తలవంచుకునేలా బోర్డు ఉండరాదు. తడిసిన పూలు, కుంకుమ హుండీలో పడి నోట్లు పాడవుతుంటే, ‘వేయరాదు’ అనే బదులు పక్కన ఒక పళ్ళెం పెట్టి ‘పూలు, కుంకుమ ఇక్కడ ఉంచండి’ అని రాయడం మేలు.

అన్నదానం పెట్టెకు రెండు వాక్యాలు చాలు: ‘ఇందులో వేసిన కానుకలు అన్నదానానికే వినియోగిస్తాము. పుట్టినరోజు, వర్ధంతి వంటి తిథులకు అన్నదానం చేయించదలచినవారు కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవచ్చు.’

మూడో పని: క్యూఆర్ కోడ్ మాటలు

యూపీఐలో డబ్బు పంపే ముందు, గ్రహీత పేరు తెరపై కనిపిస్తుంది. భక్తుడు మోసాన్ని కనిపెట్టగలిగేది అక్కడే. అందువల్ల బోర్డు మీద ఆ పేరును తెరపై కనిపించినట్టే, అక్షరం తేడా లేకుండా అచ్చువేయాలి. పేరు పొడవైతే కొన్నిచోట్ల కుదించి కనిపిస్తుంది. అచ్చుకు ఇచ్చే ముందు రెండు మూడు వేర్వేరు యాప్‌లతో స్కాన్ చేసి చూసుకోవాలి.

శ్రీ సీతారామస్వామి దేవస్థానం
ఫోన్ ద్వారా కానుక సమర్పించడానికి ఈ కోడ్‌ను స్కాన్ చేయండి.
మీ తెరపై కనిపించవలసిన పేరు: SRI SEETHARAMA SWAMY DEVASTHANAM
వేరే పేరు కనిపిస్తే చెల్లించకుండా కార్యాలయంలో తెలియజేయండి.
రసీదు కావలసినవారు చెల్లింపు వివరాలను కార్యాలయంలో చూపించండి.
బోర్డు 1

అడుగున ఉన్న బోర్డు సంఖ్య అలంకారం కాదు. ఒకటికి మించి కోడ్‌లు ఉన్నప్పుడు ఫిర్యాదు దేని గురించో వెంటనే తెలుస్తుంది. రసీదు రాసే ఉద్యోగి, చెల్లింపు వివరాల్లో ఉండే 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరును నమోదు చేసుకోవాలి. స్క్రీన్‌షాట్‌ను నమ్మి ఊరుకోకుండా ఖాతాలో జమ అయినదీ లేనిదీ సరిచూసుకోవాలి. ఆదాయపు పన్ను మినహాయింపు గురించి, ఆలయానికి ఆ నమోదు నిజంగా ఉంటే తప్ప ఒక్క మాట కూడా రాయకూడదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మన ఊరివాళ్ళు ఇచ్చే విరాళాలకు విదేశీ విరాళాల చట్టం వర్తిస్తుంది కనుక, ‘ప్రవాసులు కూడా ఇక్కడే పంపండి’ అని బోర్డు మీద ఆహ్వానించడం చిక్కు తెచ్చిపెడుతుంది.

బోర్డు ఎవరు పెట్టించారో కార్యాలయంలో నమోదై ఉండడం కూడా అవసరం. 2023 ఏప్రిల్‌లో కేదార్‌నాథ్, బదరీనాథ్ ఆలయాల దగ్గర క్యూఆర్ కోడ్ బోర్డులు కనిపించినప్పుడు, అవి తాము పెట్టినవి కావని ఆలయ కమిటీ పోలీసులకు ఫిర్యాదు చేసింది. తీరా చూస్తే, 2018లో కమిటీతో కుదిరిన ఒప్పందం ప్రకారమే ఒక చెల్లింపుల సంస్థ వాటిని పెట్టిందని తేలింది. అంత పెద్ద క్షేత్రంలోనే ఇలా జరిగిందంటే, కమిటీలు మారుతూ ఉండే ఊరి గుడిలో ఒక రిజిస్టరు పేజీ ఎంత పనికివస్తుందో ఊహించవచ్చు.

నాలుగో పని: చోటు, పరిమాణం, అచ్చు

సెల్‌ఫోన్లు నిషేధించిన చోట క్యూఆర్ కోడ్ పెట్టడంలో అర్థం లేదు. అలాంటి గుడిలో దాన్ని ఫోన్లు భద్రపరిచే కౌంటరు దగ్గరే ఉంచాలి. ఫోన్లకు అనుమతి ఉన్నా, గర్భగుడి ద్వారం పక్కన, ధ్వజస్తంభానికి, ప్రదక్షిణ దారిలో పెట్టడం తగదు. అక్కడ ఒకరు ఫోన్ తీసి నిలబడితే వెనకున్న వరుస అంతా ఆగిపోతుంది. ముఖమండపంలో కార్యాలయం వైపు గోడ అనువైనది.

మూడడుగుల దూరం నుంచి స్కాన్ చేయాలంటే కోడ్ దాదాపు నాలుగు అంగుళాల వెడల్పు ఉండాలి, చుట్టూ తెల్లని అంచు విడవాలి. కోడ్ మధ్యలో దేవుడి బొమ్మ పెట్టమని అచ్చువారు ఉత్సాహపడతారు. దానివల్ల స్కాన్ కావడం కష్టమవుతుంది, రేపు ఆ బోర్డు తీసి పారేయవలసి వచ్చినప్పుడు మనసూ ఒప్పదు. బొమ్మ వద్దు, పేరు చాలు. మెరిసే లామినేషన్ మీద దీపాల వెలుగు పడి కెమెరాకు అడ్డొస్తుంది కనుక మెరుపు లేని పూత అడగాలి.

తెలుగు అక్షరాలకు ఒత్తులు, గుడులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉంచాలి. ఎరుపు మీద బంగారు రంగు అక్షరాల కంటే లేత నేల మీద ముదురు అక్షరాలు పెద్దవారికి బాగా కనిపిస్తాయి. ఫోన్‌లో టైపు చేసి పంపిన మాటలు డీటీపీ కేంద్రంలో వేరే ఫాంట్‌లోకి మారేటప్పుడు ఒత్తులు విడిపోవడం మామూలే. కాబట్టి ప్రూఫ్‌ను కాగితం మీద తీయించి, ముఖ్యంగా ‘శ్రీ’, ‘స్వామి’, ‘స్థానం’ అన్న చోట్ల చూసుకోవాలి.

అయిదో పని: రోజువారీ తనిఖీ

మోసగాళ్ళు అసలు కోడ్ మీద మరో కోడ్ స్టిక్కరు అతికించిపోతారు. అందుకే కోడ్‌ను గాజు లేదా అక్రిలిక్ పలక వెనుక బిగించాలి. పలక మీద ఏది అతికించినా అంచు చేతికి తగులుతుంది. ఉదయం తలుపులు తీసిన తరువాత ఒకరు ప్రతి కోడ్‌నూ స్కాన్ చేసి, పేరు సరిచూసి, పిన్ నొక్కకుండా వెనక్కి రావాలి. శ్రీరామనవమి కల్యాణం వంటి సందర్భాల్లో కట్టే తాత్కాలిక ఫ్లెక్సీల మీద కోడ్ అచ్చువేస్తే, ‘ఫలానా తేదీ వరకు’ అని కూడా అచ్చువేయించి, ఆ తేదీ మరునాడే దించి కోడ్ ఉన్న ముక్కను చింపివేయాలి.