సిరీస్‌లో 100 వాట్ల బల్బు కంటే 40 వాట్ల బల్బు ఎక్కువగా ఎందుకు వెలుగుతుంది? లెక్క కట్టి చూడటం ఎలా?

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఉన్నత పాఠశాలల్లో వైజ్ఞానిక ప్రదర్శన పెట్టినప్పుడు, ఒక చెక్కపలక మీద రెండు బల్బులను వరుసగా కలిపి చూపించే ప్రయోగం తరచుగా కనిపిస్తుంది. ఒకటి 40 వాట్లది, మరొకటి 100 వాట్లది. స్విచ్ వేయగానే చిన్న బల్బు చక్కగా వెలుగుతుంది, పెద్ద బల్బు మాత్రం ఆరిపోయినట్టే ఉంటుంది. చూసినవారు ఆశ్చర్యపోతారు కానీ, కారణం అడిగితే చాలామంది పిల్లలు "సిరీస్‌లో అంతే" అని ఊరుకుంటారు. భాగహారం, గుణకారం వచ్చినవారెవరైనా ఈ కారణాన్ని కాగితం మీద తామే తేల్చుకోవచ్చు.

ఈ ప్రయోగానికి ఫిలమెంటు ఉన్న పాతరకం బల్బులే కావాలి. ఎల్‌ఈడీ బల్బు లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది కాబట్టి ఈ లెక్క దానికి వర్తించదు. రెండు ఎల్‌ఈడీలను సిరీస్‌లో కలిపితే అవి మిణుకుమిణుకుమనవచ్చు, అసలు వెలగకపోవచ్చు. కోళ్లఫారాల్లో పిల్లలకు వెచ్చదనం కోసం ఫిలమెంటు బల్బులు వాడతారు కనుక, ఎలక్ట్రికల్ దుకాణంలో అడిగితే దొరికే అవకాశం ఉంది.

మొదటి మెట్టు: బల్బు మీది అంకెల నుంచి నిరోధం రాబట్టడం

బల్బు గాజు మీద "230 V, 100 W" అని ఉంటుంది. బల్బు రెండు కొసల మధ్య సరిగ్గా 230 వోల్టులు ఉన్నప్పుడు మాత్రమే అది 100 వాట్లు తీసుకుంటుందని దీని అర్థం. ఈ షరతును మరిచిపోవడం వల్లనే అసలు గందరగోళమంతా పుడుతుంది. వాట్లు బల్బుకు శాశ్వతంగా అంటిపెట్టుకుని ఉండే గుణం కాదు, దానికి అందే వోల్టేజిని బట్టి మారేవి. బల్బు తనదిగా తెచ్చుకునేది ఫిలమెంటును, దాని నిరోధాన్ని. R నిరోధం, V వోల్టేజి, P వాట్లలో సామర్థ్యం అనుకుంటే, ఆ నిరోధాన్ని ఇలా కనుక్కోవాలి:

```
R = V² / P
100 వాట్ల బల్బు: 230 × 230 / 100 = 529 ఓమ్‌లు
40 వాట్ల బల్బు: 230 × 230 / 40 = 1322.5 ఓమ్‌లు
```

తక్కువ వాట్ల బల్బుకే ఎక్కువ నిరోధం వచ్చిందని గమనించండి. 40 వాట్ల బల్బులోని టంగ్‌స్టన్ తీగ మరింత సన్నగా ఉంటుంది, అందుకే అది కరెంటును ఎక్కువగా అడ్డుకుంటుంది.

రెండో మెట్టు: మొత్తం నిరోధం, కరెంటు

సిరీస్‌లో, అంటే శ్రేణి సంధానంలో, నిరోధాలను నేరుగా కూడాలి. 529కి 1322.5 కలిపితే 1851.5 ఓమ్‌లు. సరఫరా 230 వోల్టులు కాబట్టి ప్రవహించే కరెంటు 230 / 1851.5, అంటే సుమారు 0.124 ఆంపియర్లు. దారి ఒక్కటే కాబట్టి రెండు బల్బుల గుండానూ ఇదే కరెంటు పోతుంది. "ముందున్న బల్బు కరెంటును తినేస్తుంది, వెనకదానికి మిగలదు" అనుకునేవారికి ఒక చిన్న పరీక్ష ఉంది. సరఫరా ఆపి, చల్లారాక రెండు బల్బుల స్థానాలను మార్చి మళ్లీ స్విచ్ వేయండి. 40 వాట్లదే వెలుగుతుంది. ముందూ వెనకలతో దీనికి సంబంధం లేదు.

మూడో మెట్టు: ఎవరి వాటా ఎంత?

కరెంటు ఒక్కటే అయినప్పుడు, నిరోధం ఎక్కువ ఉన్నచోటే ఎక్కువ వోల్టేజి పడుతుంది, ఎక్కువ సామర్థ్యం ఖర్చవుతుంది. కింది సూత్రాల్లో I అంటే కరెంటు.

```
V = I × R
40 వాట్ల బల్బు: 0.1242 × 1322.5 ≈ 164 వోల్టులు
100 వాట్ల బల్బు: 0.1242 × 529 ≈ 66 వోల్టులు

P = I² × R
40 వాట్ల బల్బు: సుమారు 20.4 వాట్లు
100 వాట్ల బల్బు: సుమారు 8.2 వాట్లు
```

164కు 66 కలిపితే 230 రావాలి, వస్తుంది. ఈ కూడిక సరిపోకపోతే పైన ఎక్కడో లెక్క తప్పినట్టే. 100 అని రాసి ఉన్న బల్బుకు దక్కింది 8 వాట్ల పైచిలుకు మాత్రమే, 40 అని రాసి ఉన్నదానికి దక్కింది 20 వాట్లు.

ఇక్కడ ఒక సందేహం తప్పక వస్తుంది. మొదటి మెట్టులో V²/R ప్రకారం నిరోధం పెరిగితే సామర్థ్యం తగ్గింది కదా, ఇప్పుడు I²R ప్రకారం ఎలా పెరిగింది? రెండు సూత్రాలూ నిజమే, ఏది స్థిరంగా ఉందో చూసుకోవాలి. ఇంట్లో బల్బులన్నీ సమాంతర సంధానంలో ఉంటాయి, ప్రతిదానికీ ఒకే 230 వోల్టులు అందుతాయి, కనుక తక్కువ నిరోధమున్న 100 వాట్ల బల్బే అక్కడ గెలుస్తుంది. సిరీస్‌లో రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది వోల్టేజి కాదు, కరెంటు. అందుకే ఇక్కడ ఫలితం తిరగబడుతుంది.

కట్టి చూడటం

పలక మీద రెండు హోల్డర్లు బిగించండి. స్విచ్ నుంచి వచ్చే ఫేజ్ వైరును మొదటి హోల్డర్‌లోని ఒక స్క్రూకు, దాని రెండో స్క్రూ నుంచి ఇంకో వైరును రెండో హోల్డర్‌కు, అక్కడి నుంచి న్యూట్రల్‌కు కలపాలి. ఇది ప్రాణం తీయగల వోల్టేజి. అందుకే పిల్లలు ఒంటరిగా చేయకూడదు, వైరు కొసలు బయటికి కనిపించకూడదు, మార్పులన్నీ ప్లగ్ పీకేశాకే చేయాలి. బడిలో చూపించేందుకైతే 12 వోల్టుల బ్యాటరీ మీద 5 వాట్ల, 21 వాట్ల మోటారు వాహనాల బల్బులు వాడటమే మంచిదని నా అభిప్రాయం. లెక్క విధానం అదే, 230 బదులు 12 వేస్తే చాలు.

లెక్కకూ కంటికీ తేడా ఎందుకు?

మల్టీమీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి ఒక్కో బల్బు కొసల మధ్య కొలిస్తే 164, 66 రావు. 40 వాట్ల బల్బు మీద 190 దరిదాపుల్లో, 100 వాట్ల దాని మీద 40 దరిదాపుల్లో కనిపిస్తుంది. ప్రయోగం చెడిపోయిందని అనుకోనక్కర్లేదు. 529 ఓమ్‌లు అనేది ఫిలమెంటు పూర్తిగా వేడెక్కి తెల్లగా మండుతున్నప్పటి నిరోధం. టంగ్‌స్టన్ చల్లబడేకొద్దీ దాని నిరోధం బాగా తగ్గుతుంది. హోల్డర్‌లో నుంచి తీసిన చల్లని 100 వాట్ల బల్బును ఓమ్‌ల మీద కొలిస్తే దాదాపు 40 మాత్రమే చూపిస్తుంది.

మన సిరీస్‌లో 100 వాట్ల బల్బుకు చాలినంత సామర్థ్యం అందదు, కనుక అది సరిగా వేడెక్కదు. వేడెక్కకపోవడంతో దాని నిరోధం 529 కంటే బాగా కిందనే ఉండిపోతుంది, నిరోధం తగ్గడంతో వోల్టేజిలో దాని వాటా ఇంకా తగ్గుతుంది. 40 వాట్ల బల్బు మాత్రం బాగా వేడెక్కి తన నిరోధాన్ని చాలావరకు నిలుపుకుంటుంది. కాబట్టి కాగితం మీద కనిపించిన అసమానత పలక మీద మరింత పెద్దదవుతుంది. చీకటి గదిలో దగ్గరగా చూస్తే చిన్న బల్బు మామూలు కంటే కాస్త పసుపుగా వెలుగుతూ, పెద్ద బల్బులో ఫిలమెంటు మాత్రం ఎర్రటి గీతలా కనిపిస్తుంది.

ఆ ఎర్రదనం కూడా పగటి వెలుతురులో కనబడకపోవచ్చు. అప్పుడు పెద్ద బల్బు మాడిపోయిందని పారేయకండి. ప్లగ్ తీసి, పెద్ద బల్బును హోల్డర్ నుంచి విప్పి, మళ్లీ ప్లగ్ పెట్టండి. చిన్న బల్బు కూడా వెలగకుండా పోతే, ఇంతవరకు కరెంటు పెద్ద బల్బు ఫిలమెంటు గుండానే వస్తోందని తేలిపోయినట్టే.