పాత ట్రాక్టర్‌కు బయానా ఇచ్చే ముందు ఫోటోలు చూడాల్సిన పద్ధతి

రోహిణి ఎండలు ముదిరేసరికి మన దగ్గర పాత ట్రాక్టర్ల బేరాలు ఊపందుకుంటాయి. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె. తొలకరి పడ్డాక కిరాయి బండి కోసం తిరిగితే సమయానికి దొరకదు కాబట్టి, ఆలోపే సొంత బండి చూసుకోవాలని అందరికీ తొందర. ఈ తొందర సంగతి, లేని బండిని అమ్మేవాళ్లకు కూడా బాగా తెలుసు. ప్రకటన పెట్టడానికి బండే ఉండాల్సిన పని లేదు, నాలుగు ఫోటోలు ఉంటే చాలు.

ప్రకటనల్లో కనిపించే ఫోటోలు మూడు రకాలు. ఒకటి కంపెనీ బ్రోచర్ ఫోటో. రెండోది వేరే ఎవరో తమ బండికి తీసుకున్న ఫోటో, దాన్ని ఇతను ఎత్తుకొచ్చాడు. మూడోది నిజంగా అమ్మకానికున్న బండి ఫోటో. మొదటి రకాన్ని చూడగానే పట్టేయొచ్చు: నేపథ్యం తెల్లగా ఉంటుంది లేదా గోల్ఫ్ మైదానంలాంటి పచ్చిక ఉంటుంది, నంబరు ప్లేటు ఉండదు, టైరు గుబ్బల మధ్య ఒక్క మట్టిపెళ్ల కూడా కనపడదు. బ్రోచర్ ఫోటో పెట్టినంత మాత్రాన మోసగాడని మాత్రం అనుకోవద్దు. పది బండ్లు చేతిలో ఉన్న మధ్యవర్తులు ఓపిక లేక అదే పెట్టేస్తారు. అడగగానే అసలు ఫోటోలు పంపితే ఇబ్బంది లేదు. అసలు టెన్షన్ రెండో రకంతోనే. అది కూడా నిజమైన బండే, నిజమైన మట్టే, నిజమైన గీతలే. కాకపోతే అమ్ముతున్నవాడిది కాదు.

ఒక ప్రకటన తీసుకుని చూద్దాం. ఇది ఉదాహరణ కోసం అల్లిందే అయినా, ఇందులోని ఒక్కో లక్షణం ప్రకటనల్లో మామూలుగా కనిపించేదే. "45 హెచ్‌పీ ట్రాక్టర్, 2019 మోడల్, 1,800 గంటలు తిరిగింది, నర్సంపేట దగ్గర, ధర 2 లక్షల 60 వేలు, అర్జెంట్." కింద నాలుగు ఫోటోలు. ఆ హెచ్‌పీలో కొత్త బండి ఆరేడు లక్షలు పలుకుతుంటే ఈ ధర ఏమిటన్న అనుమానం ఎలాగూ వస్తుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టి ఫోటోలు మాత్రమే చూద్దాం.

విడివిడిగా చూస్తే నాలుగూ బాగానే ఉంటాయి. అడగాల్సింది వేరు: ఈ నాలుగూ ఒకే బండివా, ఒకే చోటివా, ఈ మధ్య తీసినవేనా?

మొదటి ఫోటోలో బండి ముందు నుంచి కనిపిస్తోంది. బానెట్ పక్కన స్టిక్కరు రెండు చారలతో ఉంది. రెండో ఫోటో పక్క నుంచి తీసింది. అందులో స్టిక్కరు ఒకటే చార, హెడ్‌లైటు ఆకారం కూడా వేరు. కంపెనీలు కొన్నేళ్లకోసారి స్టిక్కర్లు, లైట్లు మారుస్తుంటాయి. స్టిక్కరు మాత్రమే తేడాగా ఉంటే ఓనరు మార్పించాడని అనుకోవచ్చు. లైటు కూడా మారిందంటే రెండు వేర్వేరు బండ్లని అనుమానించాలి. రెండో ఫోటోలో బండి వెనక కోసేసిన గోధుమ చేను ఉంది. నర్సంపేట వైపు వరి, పత్తి, మిర్చి, మక్క చూస్తాం కానీ చూపు ఆనినంత మేర గోధుమ ఎక్కడ చూస్తాం? ఉత్తరాది నుంచి పాత బండ్లు తెచ్చి అమ్మేవాళ్లు ఉన్నారు, ఆ మాట నిజమే. అలా తెచ్చిన వాడైతే ఆ సంగతి చెప్పాలి. "మా బాపు కొన్న బండి, మొదటి ఓనరు" అని రాసి పక్కన గోధుమ చేను పెడితే కుదరదు.

పంట మీద చూపు పెట్టడం అలవాటు చేసుకోండి. అది తేదీ కూడా చెబుతుంది. మే నెలాఖరులో "ఇవాళే తీసిన" ఫోటోలో మోకాలెత్తు పచ్చటి పత్తి ఉందంటే అది గడిచిన వానాకాలం ఫోటో. పగిలిన పత్తికాయలు కనిపిస్తే చలికాలం ముందూ వెనకా తీసింది. ఆ బండి అప్పుడు అతనిదే కావచ్చు. ఈలోగా అమ్మేసి ఉండొచ్చు, లేదా ఇప్పుడు దాని ఇంజన్ విప్పి షెడ్డులో పడి ఉండొచ్చు. అసలు బండి ఫోటోయే అయినా పాతదైతే నమ్మడానికి పనికిరాదు.

మూడో ఫోటో డ్రైవరు సీటు దగ్గరిది. ఇందులో క్లచ్ పెడల్ కుడి వైపున, రెండు బ్రేకులు ఎడమ వైపున ఉన్నాయి. మన ట్రాక్టర్లలో క్లచ్ ఎడమ కాలికి, జంట బ్రేకులు కుడి కాలికి ఉంటాయి. అంటే ఈ ఫోటోను అద్దంలో చూసినట్టు తిప్పేశారు. కావాలనే చేస్తారు. తిప్పిన ఫోటోను ఇంటర్నెట్‌లో వెతికితే ఒక్కోసారి అసలుది దొరకదు. నంబరు ప్లేటు, కంపెనీ పేరు ఉన్న ఫోటోను తిప్పితే అక్షరాలు కుడి ఎడమగా తిరగబడి పట్టిస్తాయి కాబట్టి, అక్షరాలు లేని ఫోటోనే ఎంచుకుంటారు. పెడల్ సంగతి వాళ్లకు గుర్తుండదు.

నాలుగోది గంటల మీటరు ఫోటో. 1,812 చూపిస్తోంది, చెప్పిన దానికి సరిపోయింది. కానీ మూడో ఫోటోలోనే క్లచ్ పెడల్ మీది రబ్బరు గీతలు పూర్తిగా అరిగి ఇనుము బయటపడింది, స్టీరింగు చుట్టూ నలుపు ఊడిపోయింది. 1,800 గంటల బండికి అంత అరుగుదల ఎక్కువే. మీటరు ఫోటో ఇంకో బండిది అయ్యుండాలి, లేదా మీటరే మార్చి ఉండాలి. రెంటిలో ఏదైనా మనకు నష్టమే.

ఇప్పుడు ఫోన్‌లో వెతుకుదాం. ఫోటోను సేవ్ చేసి గూగుల్ లెన్స్‌లో పెట్టండి. లెన్స్ ముందుగా అలాంటి బండ్లన్నీ చూపిస్తుంది, వాటితో పని లేదు. Exact matches అని ఉన్న చోట నొక్కితే అదే ఫోటో ఇంకెక్కడెక్కడ ఉందో వస్తుంది. దొరకకపోతే ఫోటోను ఎడిట్‌లో పెట్టి అద్దం తిప్పినట్టు తిప్పి మళ్లీ వెతకండి. ఆ తర్వాత బండి వెనకున్న గోడో, గేటో మాత్రమే కత్తిరించి వెతకండి. మన ఉదాహరణలో రెండో ఫోటో పంజాబ్ ప్రకటనలో దొరికిందనుకుందాం. అక్కడ నంబరు ప్లేటు పీబీ అని స్పష్టంగా కనిపిస్తుంది, ఇక్కడ అదే చోట మసక పూశారు. కింది మూలలో కూడా ఒక పట్టీ మసకగా ఉంది, అక్కడ పాత వెబ్‌సైటు పేరు ఉండేది. దొరికిందంటే తేలిపోయినట్టే. దొరకలేదు కాబట్టి అసలుదేనని మాత్రం అనుకోవద్దు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫోటోలు, లాగిన్ అయితే తప్ప కనపడని పేజీల్లోవి లెన్స్‌కు దొరకవు.

నంబరు ప్లేటు మసక చేయడం తప్పు కాదు, మంచివాళ్లు కూడా చేస్తారు. బేరం దాకా వచ్చాక మీకు విడిగా నంబరు పంపాలి, అంతే. నంబరు వచ్చాక దాన్నీ చదవండి. 2014 జూన్‌కు ముందు ఉమ్మడి వరంగల్ జిల్లా బండి అంటే ఏపీ 36, కరీంనగర్ అంటే ఏపీ 15. ఆ తర్వాత టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ ఇస్తున్నారు. ఫోటోలో ఏపీ 36 ఉండి రాతలో 2019 మోడల్ అని ఉంటే రెండింటిలో ఒకటి అబద్ధం.

ఇవన్నీ చూసినా కొంత అనుమానం మిగులుతుంది. దాన్ని తీర్చేది ఒక్కటే, బండి పక్కన నిలబడ్డవాడు మాత్రమే తీయగల ఫోటో అడగడం. "ఇంకో ఫోటో పంపండి" అంటే ఎత్తుకొచ్చిన వాటిలోంచే ఇంకోటి వస్తుంది. ఇలా అడగండి:

"అన్నా, బానెట్ మీద తువ్వాల పరిచి, ముందు నంబరు ప్లేటు కూడా పడేటట్టు ఒక ఫోటో తీసి పంపవా. తర్వాత తాళంచెవి క్లచ్ పెడల్ మీద పెట్టి ఇంకోటి."

కాగితం మీద తేదీ రాసి చూపించమనడం కంటే ఇది నయం. తెల్లకాగితం మీద అక్షరాలు ఫోన్‌లోనే అతికించొచ్చు. బానెట్ వంపు మీద ముడతలు పడ్డ తువ్వాలను, దాని నీడను అంత సులువుగా అతికించలేరు. మీరడిగే వస్తువు ప్రతి బేరానికీ మారాలి, లేకపోతే అందరూ అడిగేదని ముందే తీసి పెట్టుకుంటారు. ఫోటో వచ్చాక దాని మీద ఫార్వర్డెడ్ అని గుర్తు ఉందేమో చూడండి. కొడుకు తీసి తండ్రికి పంపితే తండ్రి మీకు పంపి ఉండొచ్చు, ఆ మాట అడిగితే చెబుతారు. ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే తీసిన తేదీ, చోటు వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. ఆ వివరాలనూ మార్చొచ్చు కాబట్టి నేనైతే వాటి మీద పెద్దగా ఆధారపడను.

తర్వాత వీడియో కాల్. నంబరు ప్లేటు దగ్గర మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా, చాసిస్ నంబరు దాకా నడిపించమనండి. అక్కడి నుంచి మీటరు, ఆ తర్వాత వెనక చక్రాలు. వరి పొలాల్లో నడిచిన బండి అయితే కేజ్ వీల్స్ బిగించిన చోట రిమ్ములకు రాపిడి, తుప్పు ఉంటాయి. "మా నాటు పొలంలోనే నడిచింది" అన్న బండికి రిమ్ములు అద్దంలా మెరుస్తుంటే కొత్తగా రంగేశారా అని అడగండి.

"నేను ఆర్మీలో ఉన్నా, బదిలీ అయింది, బండి క్యాంపులో ఉంది, వీడియో తీయనివ్వరు, ముందు ట్రాన్స్‌పోర్టుకు ఐదు వేలు పంపితే ఇంటికొస్తుంది" అనే మాట వస్తే ఇక ఫోటోల మీద సమయం పెట్టొద్దు. బాగా పాతబడ్డ కథ అది. ప్రశ్నలు మొదలుపెట్టకముందే ప్రకటన, ఫోటోలు, ఫోన్ నంబరు స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి, అనుమానించారని తెలియగానే ప్రకటన మాయమవుతుంది. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

అన్నీ సరిపోయాయనుకోండి, అయినా బయానా ఫోన్‌లో వద్దు. వెళ్లేటప్పుడు వాళ్లు పంపిన ఫోటోలను ఫోన్‌లో తెరిచి పట్టుకుని వెళ్లండి. బండి చుట్టూ తిరుగుతూ ఒక్కో గీత, ఒక్కో సొట్ట పోల్చుకోండి. ముఖ్యంగా మడ్‌గార్డు అంచులు, సైలెన్సరు మీద తుప్పు మచ్చ, వెనక టైరు పక్క కోతలు చూడండి. ఆ తర్వాత ఒరిజినల్ ఆర్సీ తెప్పించి, చాసిస్ మీద చెక్కిన నంబరును అందులోని నంబరుతో వేలు పెట్టి ఒక్కో అంకె చదవండి. అప్పు ఉంటే ఫైనాన్స్ వాళ్ల పేరు ఆర్సీలోనే ఉంటుంది, అది కూడా అక్కడే చూసుకుంటే బేరం ధర దగ్గర మొదలుపెట్టొచ్చు.