లోపం లేని తాను లెక్క: (1 − c/n)ⁿ ఎక్కడ తప్పుతుంది, ఎట్లా సరిచేయాలి

సిరిసిల్లలో సాంచా అనే మరమగ్గం మీద నేసిన వంద మీటర్ల గుడ్డ తాను ఒకటి తీసుకుందాం. పోగు తెగిన చోటు, పేక తప్పిన చోటు, నూనె మరక వంటి లోపాలు తానుకు సగటున 2 వస్తున్నాయి అనుకుందాం. ఈ సగటును c అందాం. 2 లెక్క కోసం ఎంచుకున్న అంకె మాత్రమే, ఏ కార్ఖానా రికార్డులోదీ కాదు. ప్రశ్న: ఒక్క లోపమూ లేని తాను వచ్చే సంభావ్యత ఎంత?

తానును n సమాన ముక్కలుగా ఊహించుకుంటే ఒక్కో ముక్కలో లోపం పడే అవకాశం సుమారు 2/n. ఒక ముక్కలో పడ్డదానికీ మరో ముక్కలో పడ్డదానికీ సంబంధం లేకపోతే, అన్ని ముక్కలూ బాగుండే సంభావ్యత (1 − 2/n)ⁿ. n పెరిగేకొద్దీ ఇది e⁻² = 0.1353 దగ్గరికి చేరుతుంది. అంటే వంద తానుల్లో 13 లేదా 14 శుభ్రంగా దిగాలి. లెక్క ఇంతే. తేడా వచ్చినప్పుడు అది ఏ మెట్టు దగ్గర వచ్చిందో కనిపెట్టడమే అసలు పని.

లక్షణం: అవధి 1 అని వస్తున్నది

ఇంటర్, డిగ్రీ జవాబు పత్రాల్లో తరచూ కనిపించే తప్పు ఇది. "n అనంతమైతే c/n సున్నా, కాబట్టి 1ⁿ = 1" అని రాసేస్తారు. n రెండు చోట్ల ఉన్నది: బ్రాకెట్ లోపల, ఘాతంలో. లోపలి n ను అనంతానికి పంపి పైదాన్ని అక్కడే ఆపితే వచ్చేది ఈ 1. రెండూ కలిసి కదలాలి.

సంవర్గమానం తీసుకుంటే రెండూ ఒకే వరుసలోకి వస్తాయి:

n·ln(1 − c/n) = −c − c²/(2n) − c³/(3n²) − …

n పెరిగితే మొదటి పదం తప్ప మిగతావన్నీ కరిగిపోతాయి. మిగిలేది −c, కాబట్టి అవధి e⁻ᶜ. జవాబు 1 అయ్యే అవకాశమే లేదని లెక్క చేయకుండానే చెప్పవచ్చు: 1 అంటే ఏ తానులోనూ లోపం లేదని అర్థం, మనం మాత్రం సగటున రెండు ఉన్నాయని మొదలుపెట్టాం.

లక్షణం: సూత్రం సరిగానే వేశాం, కానీ అంకె e⁻ᶜ కు దూరంగా ఉన్నది

c = 2 పెట్టి చూడండి. n = 4 అయితే 0.0625. n = 10 అయితే 0.1074. n = 100 అయితే 0.1326. n = 10,000 అయితే 0.1353. n = 2 పెడితే ఏకంగా సున్నా! అన్నీ e⁻² కంటే తక్కువే, ఎక్కువ ఎన్నడూ రాదు. పై వరుసలో మిగిలిన పదాలన్నీ రుణాత్మకం కావడమే దీనికి కారణం.

ఎంత తక్కువ అన్నది ప్రధానంగా c²/(2n) చెబుతుంది. అందుకే "n పెద్దదేనా?" అని అడిగితే సరిపోదు, c² తో పోలిస్తే పెద్దదా అని అడగాలి. తేడా ఒక శాతం లోపు ఉండాలంటే n కనీసం 50c² ఉండాలి. c = 2 కు 200 చాలు. c = 5 కు 1,250 కావాలి. n = 20, c = 5 తో e⁻ᶜ వాడితే 0.0067 వస్తుంది, నిజమైన విలువ 0.75²⁰ = 0.0032. సగానికి పైగా తేడా!

n ను పెంచే వీలు లేకపోతే e⁻ᶜ ను (1 − c²/(2n)) తో గుణించండి. n = 100, c = 2 దగ్గర 0.1353 × 0.98 = 0.1326. నాలుగు దశాంశాల వరకు అసలు విలువతో సరిపోయింది.

లక్షణం: అవే తానులు, ఇద్దరు లెక్కిస్తే రెండు జవాబులు

దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ ఇద్దరి గణితంలోనూ తప్పు దొరకదు.

వంద తానులు పరీక్షించి, ఒక్కోదాన్ని పది మీటర్ల ముక్కలుగా చూశారు. మొత్తం 1,000 ముక్కలు. మొదటి మనిషి లోపాలను లెక్కపెట్టాడు: 200. ముక్కకు 0.2. రెండో మనిషి లోపం ఉన్న ముక్కలను లెక్కపెట్టాడు: 181. 200 కాస్త 181 అయింది, ఎందుకంటే కొన్ని ముక్కల్లో రెండేసి లోపాలు పడ్డాయి. ఆయన లెక్కలో రెండున్నా అది ఒక్క ముక్కే.

మొదటి మనిషి 0.2 ను బ్రాకెట్‌లో పెట్టి 0.8¹⁰ = 0.1074 అంటాడు. రెండో మనిషి 0.819¹⁰ = 0.1358 అంటాడు. రెండోదే సరి. (1 − p) లోని p ముక్క చెడిపోయే సంభావ్యత కావాలి. 0.2 సంభావ్యత కాదు, ముక్కకు పడే లోపాల సగటు. ముక్కలు చిన్నవైతే ఈ రెండూ ఒకటే అవుతాయి, ఎందుకంటే సెంటీమీటరు గుడ్డలో రెండు లోపాలు పడటం దాదాపు జరగదు. పది మీటర్లలో బాగానే జరుగుతుంది. n ను అనంతానికి పంపడం వెనుక ఉన్న ఆంతర్యం కూడా ఇదే: ముక్కను సన్నగా చేస్తూ పోతే "సగటు" కూ "సంభావ్యత" కూ మధ్య ఉన్న తేడా మాయమవుతుంది.

తప్పు అటువైపు కూడా దొర్లుతుంది. చెడిన ముక్కలు లెక్కపెట్టినవారు 10 × 0.181 = 1.81 ను c అనుకుని e⁻¹·⁸¹ = 0.1637 రాస్తారు. అది ఎక్కువ.

కాబట్టి రిజిస్టరులో ఏది రాశారో ముందు చూడండి. లోపాలు లెక్కపెట్టి ఉంటే సగటును c గా తీసుకుని నేరుగా e⁻ᶜ వేయండి, ముక్కల గొడవే వద్దు. చెడిన ముక్కలు లెక్కపెట్టి ఉంటే (1 − p)ⁿ నే వాడండి, e జోలికి పోవద్దు. ఒకదాని నుంచి మరొకదానికి మారాలంటే c = −n·ln(1 − p). ఇక్కడ −10 × ln 0.819 = 2.00, మొదటి మనిషి లెక్కపెట్టిన సగటే తిరిగి వచ్చింది.

లక్షణం: లెక్క అంతా సరే, గోదాములో తానులు వేరే మాట చెబుతున్నాయి

200 తానులు, సగటు 2. సూత్రం ప్రకారం లోపం లేనివి 27 ఉండాలి. 31 ఉంటే కంగారు వద్దు: ఈ 27 చుట్టూ యాదృచ్ఛికంగా వచ్చే ఊగిసలాట √(200 × 0.1353 × 0.8647), అంటే సుమారు 5. దానికి రెట్టింపు, అంటే 17 నుంచి 37 వరకు, మామూలే. 74 ఉంటే మాత్రం సూత్రం కింద ఉన్న ఊహల్లో ఏదో కూలిందని అర్థం.

ముందు తానువారీ లోపాల సంఖ్యలకు విస్తృతి కట్టండి. లోపాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఒకే రేటుతో పడుతుంటే విస్తృతి, సగటు దాదాపు సమానంగా ఉండాలి. 200 తానులకు ఆ నిష్పత్తి 0.8 నుంచి 1.2 మధ్య ఉంటే పర్వాలేదు. దాటితే మామూలుగా కారణం రెండింటిలో ఒకటి.

మొదటిది, లోపాలు గుంపుగా రావడం. పడుగు పోగు తెగింది, సాంచా ఆగలేదు, ఆ గీత కొంత దూరం సాగింది. చూసే మనిషి దాన్ని రెండు చోట్ల రెండుగా రాశాడు. ప్రతి సంఘటనా ఇట్లా రెండేసి లోపాలుగా నమోదైతే, సగటు 2 అయినా తానుకు సంఘటనలు సగటున 1 మాత్రమే. అప్పుడు లోపం లేని తానుల భాగం e⁻¹ = 0.3679. 200 లో 74! విస్తృతి 4, నిష్పత్తి 2.

రెండోది, సాంచాలన్నీ ఒకటి కాకపోవడం. సగం సాంచాల సగటు 1, మిగతా సగానిది 3 అనుకోండి. కలిపితే సగటు 2 నే. కానీ లోపం లేని తానుల భాగం e⁻¹, e⁻³ ల సగటు: (0.3679 + 0.0498)/2 = 0.2088. 200 లో 42. విస్తృతి 3, నిష్పత్తి 1.5. సగటులను ముందే కలిపేసి e⁻² వేయడం వల్ల వచ్చిన తేడా ఇది. e⁻ᶜ వంపు తిరిగిన రేఖ కాబట్టి, రేట్లు వేరైతే కలిపి కట్టిన లెక్క ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

రెండింటినీ వేరు చేయడానికి రిజిస్టరును సాంచావారీగా విడగొట్టండి. ఒక్కో సాంచా లోపల నిష్పత్తి 1 దగ్గరికి దిగితే జబ్బు సాంచాల మధ్య తేడాది. ఒక్కోదానికి వేరే c తీసుకుని, చివర్లో e⁻ᶜ విలువల సగటు కట్టాలి. విడగొట్టినా నిష్పత్తి 2 దగ్గరే ఉంటే జబ్బు గుంపులది. ఒకే పోగు మీద సాగిన గీతను ఒక్క సంఘటనగా రాయించి, ఆ సంఘటనల సగటును c గా పెట్టాలి. ధర కోత కోసం మొత్తం లోపాల సంఖ్య కావాలంటే అది పక్క గడిలో ఉండనివ్వండి.

నిష్పత్తి 1 కంటే బాగా తక్కువ వస్తే అది తిరగబడ్డ కేసు. రోలర్ మీది గాటు ప్రతి చుట్టుకూ ఒక మచ్చ వేస్తుంటే అందులో యాదృచ్ఛికం ఏమీ లేదు. లోపం లేని తాను దాదాపు దొరకదు, ఈ సూత్రం అక్కడ పనికిరాదు. రోలర్ మార్చాల్సిందే.

ఊహలన్నీ నిలిస్తే ఎంత బాగా కుదురుతుందో 1898 లో గణాంకవేత్త బోర్ట్‌కీవిచ్ అచ్చువేసిన ప్రష్యా సైన్యపు పట్టిక చూపిస్తుంది. గుర్రం తన్ని చనిపోయినవారు ఒక్కో దళానికి ఒక్కో ఏడాది చొప్పున లెక్కపెట్టిన 200 దళ-సంవత్సరాల్లో 122 మంది, సగటు 0.61. ఎవరూ చనిపోనివి e⁻⁰·⁶¹ ప్రకారం 108.7 ఉండాలి. పట్టికలో ఉన్నవి 109.

లక్షణం: కంప్యూటర్‌లో n పెంచేకొద్దీ జవాబు చెడిపోతున్నది

అవధిని కళ్లారా చూద్దామని n ను పెంచుతూ పోతారు. 10¹⁶ దగ్గర 0.1353 కు బదులు 0.1086 వస్తుంది, 10¹⁷ దగ్గర 1.0 వస్తుంది. గణితం మారలేదు. కంప్యూటర్ మామూలుగా వాడే 64-బిట్ దశాంశ సంఖ్యల్లో 1 కి కిందున్న మొదటి సంఖ్య 1.11 × 10⁻¹⁶ దూరంలో ఉంటుంది. 2 × 10⁻¹⁷ తీసేస్తే అది మళ్లీ 1 కే సర్దుకుంటుంది, ఆ తర్వాత ఎంత ఘాతం వేసినా 1 నే. తీసివేత జరగకుండా చూస్తే చాలు:

```python
import math
n, c = 10**17, 2
print((1 - c/n)**n)                    # 1.0
print(math.exp(n*math.log1p(-c/n)))    # 0.1353...
```

`log1p` చిన్న సంఖ్యను 1 లో కలపకుండానే సంవర్గమానం కడుతుంది. ఎక్సెల్‌లో అయితే ఇంత పెద్ద n కు ఘాతం వేయకుండా `=EXP(-2)` అని రాయండి. n = 10⁸ దగ్గరే c²/(2n) పది కోట్లకు రెండు వంతులు మాత్రమే.