ఫాలోవర్లు పోకుండా, పాత కస్టమర్లు తికమకపడకుండా బిజినెస్ పేరు మార్చడం ఎలా?

ఇంటి దగ్గర పచ్చళ్ళు పట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో అమ్మేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఉదాహరణకి పాత పేరు "మా ఇంటి పచ్చళ్ళు" అనుకుందాం. అదే పేరుతో ఇంకో ఇద్దరు అమ్ముతున్నారు, ఆర్డర్లు అటూ ఇటూ పోతున్నాయి. అందుకని "జాడీ" అని మార్చాలనుకున్నారు. రెండూ ఉదాహరణ కోసం పెట్టుకున్న పేర్లే.

చాలామంది కొత్త పేరుతో కొత్త అకౌంట్ తెరిచి, "అందరూ అక్కడికి రండి" అని పాతదాంట్లో పోస్ట్ పెడతారు. అలా పిలిస్తే అందరూ రారు. ఉన్న అకౌంట్‌లోనే హ్యాండిల్, అంటే @ తర్వాత వచ్చే పేరు, మారిస్తే ఫాలోవర్లు, పోస్టులు, మెసేజ్‌లు అన్నీ అలాగే ఉంటాయి. పోయేవి పాత లింకులు మాత్రమే. జాగ్రత్త అంతా వాటి గురించే.

ముందు ఎప్పుడు మార్చాలో తేల్చుకోండి

పచ్చళ్ళ కస్టమర్‌లో ఒక ప్రత్యేకత ఉంది. చాలామంది ఏడాదికి ఒక్కసారే వస్తారు. వేసవిలో ఆవకాయ కొంటారు, మళ్ళీ వచ్చే వేసవిదాకా మీ పేజీ చూడరు. అమెరికాలో ఉన్న పిల్లలకి పంపేవాళ్ళూ అంతే, ఎవరైనా బయల్దేరుతుంటేనే మీరు గుర్తొస్తారు. మీరు ఆగస్టులో పెట్టిన ప్రకటన వీళ్ళ కంట పడదు.

కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా పేరు జోలికి వెళ్ళకండి. సీజన్ అయ్యాక పేరు మార్చేసి, "పాత పేరు ఇదీ" అన్న మాటని మరుసటి ఆవకాయ సీజన్ ముగిసేదాకా ఉంచండి. నెల రోజులకే తీసేస్తే ఏప్రిల్‌లో "ఇది వాళ్ళ పేజీయేనా?" అన్న మెసేజ్‌లు మొదలవుతాయి. అడిగినవాళ్ళకి జవాబు చెప్పొచ్చు. అడక్కుండా వేరేచోట కొనుక్కునేవాళ్ళు మీకు తెలియను కూడా తెలియరు.

పేరుని ఫోన్‌లో చెప్పి చూడండి

తెలుగు పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో రాసేసరికి తలో రకంగా రాస్తారు. "జాడీ" అని ఫోన్‌లో చెప్పి, బంధువుల్లో ఓ ఐదుగురిని సెర్చ్‌లో టైప్ చేయమనండి. ఒకరు `jadi` అంటారు, ఒకరు `jaadi`, ఇంకొకరు `jaadee`. ఎక్కువమంది కొట్టిన స్పెల్లింగే మీ హ్యాండిల్ కావాలి, మీకు నచ్చింది కాదు. పేరు దొరకలేదని చివర్లో రెండు అండర్‌స్కోర్లు తగిలిస్తే, నోటితో చెప్పలేని హ్యాండిల్ తయారవుతుంది. అంతకంటే "జాడీ పచ్చళ్ళు" అని ఒక మాట కలుపుకోవడం మేలు.

అదే పూట ఫేస్‌బుక్, యూట్యూబ్, వెబ్‌సైట్ పేరు కూడా ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. పచ్చళ్ళు 29వ క్లాసులోకి, మసాలాలు 30లోకి వస్తాయి, రెండింట్లోనూ చూడండి. మీ పేరు ఇంకొకరిదని తర్వాత నోటీసు వస్తే ఈ పనంతా మళ్ళీ మొదటినుంచి చేయాల్సి వస్తుంది.

పేరు, లోగో ఒకే రోజు మార్చకండి

ఫీడ్‌లో మిమ్మల్ని జనం గుర్తుపట్టేది ఆ చిన్న గుండ్రటి బొమ్మతోనే. పేరూ బొమ్మా ఒకేసారి మారితే, "వీళ్ళని ఎప్పుడు ఫాలో అయ్యాను?" అనుకుని తీసేస్తారు. 2007లో హచ్ మొబైల్ కంపెనీ వొడాఫోన్‌గా మారినప్పుడు పేరు మారింది, గులాబీ రంగు పోయి ఎరుపు వచ్చింది, కానీ ప్రకటనల్లో ఆ బుల్లి కుక్క మాత్రం అదే. జనం గుర్తుపట్టడానికి ఒకటి మిగిల్చారు. మీకూ అలాంటిది ఒకటి ఉంటుంది. ఎర్ర మూత కావచ్చు, లేబుల్ మీది పసుపు రంగు కావచ్చు. కొత్త లోగోలో అదే రంగు ఉంచండి. లోగో ఫైనల్ చేసేముందు దాన్ని ఫోన్‌లో కందిగింజంత చేసి చూడండి. అక్షరాలు అలుక్కుపోతే ఇంకా సింపుల్ చేయాలి.

మార్చే క్రమం

మొదటి వారం ఇన్‌స్టాగ్రామ్‌లో `Edit profile`లోకి వెళ్ళి `Name` మాత్రమే మార్చండి: "జాడీ | పాత మా ఇంటి పచ్చళ్ళు". సెర్చ్‌లో ఈ పేరు కూడా పనిచేస్తుంది, కాబట్టి పాత పేరుతో వెతికినా మీరే దొరుకుతారు. ఇది 14 రోజుల్లో రెండుసార్లే మార్చగలరు, స్పెల్లింగ్ సరిచూసుకుని సేవ్ చేయండి.

రెండో వారం `Username`, అంటే హ్యాండిల్, మార్చండి. ఆ నిమిషం నుంచి పాత హ్యాండిల్‌తో ఉన్న లింకులు, పాత కార్డుల మీది ఇన్‌స్టా క్యూఆర్‌లు మీ పేజీకి రావు. సాధారణంగా 14 రోజుల దాకా పాత హ్యాండిల్‌కి వెనక్కి వెళ్ళొచ్చు. ఆ తర్వాత అది ఎవరికైనా దొరకొచ్చు. ఇక్కడే అసలు ప్రమాదం. ఎవరో ఆ హ్యాండిల్ తీసుకుని, మీ ఫొటోలే పెట్టి, మీ పాత కస్టమర్ల దగ్గర అడ్వాన్సులు తీసుకోగలరు. అందుకని వేరే మెయిల్‌తో రెండో అకౌంట్ తెరిచి, పాత హ్యాండిల్ దానికి పెట్టుకోండి. వెంటనే దొరక్కపోతే రెండు వారాలు దాటాక రోజూ ప్రయత్నించండి. దొరికాక అందులో "మేము ఇక్కడికి మారాం" అని ఒక్క పోస్ట్ పెట్టి వదిలేయండి.

యూట్యూబ్‌లో పాత హ్యాండిల్‌ని 14 రోజులు మీకోసమే ఆపి ఉంచుతారు, అప్పటిదాకా రెండు లింకులూ పనిచేస్తాయి. గూగుల్ మ్యాప్స్‌లో కొత్త ప్రొఫైల్ తెరవకండి. ఉన్నదాంట్లోనే పేరు మారిస్తే రివ్యూలు నిలుస్తాయి. మళ్ళీ వెరిఫై చేయమనొచ్చు, కాబట్టి ముందు బోర్డు మార్చి ఫొటో తీసి పెట్టుకోండి.

లోగో వంతు మూడో వారం తర్వాతే.

వాట్సాప్, డబ్బులు

ఏం మారినా నంబర్ మాత్రం మార్చకండి. కస్టమర్ ఫోన్‌లో మీరు ఆయన సేవ్ చేసుకున్న పేరుతోనే కనిపిస్తారు, మీరు మార్చినా అక్కడ మారదు. అలా ఉండటమే మంచిది. కార్డుల మీద కూడా ఇన్‌స్టా క్యూఆర్ బదులు నేరుగా మీ వాట్సాప్ చాట్ తెరిచే, నంబర్‌తో చేసిన `wa.me` లింక్ క్యూఆర్ వేయించండి, పేరు ఎన్నిసార్లు మారినా అది పనిచేస్తుంది. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. మిగతా పాత కస్టమర్లకి విడిగా పంపండి. ఇలా రాస్తే చాలు:

"నమస్తే అండి. మా ఇంటి పచ్చళ్ళు ఇకనుంచి జాడీ. చేసేది అదే చెయ్యి, నంబర్ ఇదే. డబ్బులు పంపేటప్పుడు ఫోన్‌లో మా అమ్మగారి పేరు కనిపిస్తుంది, కంగారు పడకండి."

ఆ చివరి వాక్యంలో, నిజంగా ఎవరి పేరు కనిపిస్తుందో చూసి అదే రాయండి. యూపీఐలో డబ్బు పంపేటప్పుడు తెరమీద బ్యాంకులో ఉన్న పేరే కనిపిస్తుంది. లేబుల్ మీద ఒకటి, పేజీలో ఒకటి, డబ్బులకి మూడోది కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, వెయ్యి రూపాయలు పంపబోయి ఆగిపోతారు. కరెంట్ అకౌంట్ వ్యాపారం పేరుమీద ఉంటే బ్యాంకులో పేరు మార్పించండి. జీఎస్టీ ఉంటే ట్రేడ్ నేమ్ మార్పుకి 15 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి.

కొత్త లేబుళ్ళు ప్రింటుకి ఇచ్చేముందు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్‌లో పేరు మార్పు పూర్తి చేసుకోండి. ఇప్పుడున్న లేబుళ్ళు అయిపోయేదాకా ప్రతి పార్సిల్‌లో ఒక చీటీ పెట్టండి. పాత లోగో, బాణం గుర్తు, కొత్త లోగో, కింద ఫోన్ నంబర్. సీసా ఫ్రిజ్‌లో ఏడాది ఉంటుంది, చీటీ పారేస్తారు. అందుకని వీలైతే దాన్ని స్టిక్కర్‌గా చేయించి మూతమీదే అంటించండి.